నిండుగా తిరిగొచ్చిన క్యారేజీ

"అక్కా, కథ చాలా బాగుంది. కానీ మాకు కథ చాలదు, బైబిల్ కావాలి" అంది ఫోన్లో హైదరాబాదు అమ్మాయి. నేను పొయ్యి మీద పాలు చూసుకుంటున్నాను. పాలు పొంగాయి. స్టవ్ కట్టేసి, ఫోను స్పీకర్లో పెట్టి, గుడ్డ వెతుక్కుంటూ "ఏం బైబిలమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి ఒక యానిమేషన్ స్టూడియోలో పిల్లల సీరియళ్లు చూసుకుంటుంది. నా కథొకటి ఏదో పిల్లల పత్రికలో చదివి, దాన్ని బొమ్మల సీరియల్ చేద్దామని వెంటపడింది. సీరియల్ అంటే ఒక్క కథతో అయ్యే పని కాదట. ఇరవై ఆరు ఎపిసోడ్లు, పది మంది రచయితలు, బొమ్మలు గీసేవాళ్లు వేరే. వాళ్లెవరూ మా అడవి మొహం చూసినవాళ్లు కారు. అయినా అందరూ ఒకే లోకాన్ని రాయాలి. అందుకని ముందే ఒక పుస్తకం తయారు చేస్తారు. ఆ లోకంలో ఏం జరుగుతుంది, ఏం జరగదు, ఎవరు ఎలాంటివాళ్లు, వాళ్లు ఎలా మారతారు, ప్రతి ఎపిసోడ్ ఎలా మొదలై ఎలా ముగుస్తుంది, అన్నీ అందులో ఉండాలి. దానికే బైబిల్ అని పేరు. "మీరు పక్కన లేనప్పుడు మీ బదులు అది మాట్లాడాలి అక్కా" అంది.

ఫోను పెట్టేశాక వరండాలోంచి అమ్మ అడిగింది.

"ఏం పుస్తకమంట?"

"బైబిలంట అమ్మా."

"మనకెందుకు బిడ్డా? ఎదురింటోళ్ల కాడ ఉంటది, అడుగు, ఇస్తరు."

ఆ రోజు నవ్వుకున్నాను గానీ, తర్వాత చాలా సార్లు ఎదురింటివాళ్లదే అడిగి తెచ్చుకుంటే హాయిగా ఉండేదనిపించింది. అంత చాకిరీ చేయించింది ఆ పని.

నా కథ ఒక బస్సు గురించి. మా ఊరు మణుగూరు దారిలో, అడవి అంచున. నాయిన మణుగూరు బొగ్గు గనిలో, డంపర్లు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్. పొద్దున షిఫ్టుకి చీకటితోనే వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నానికి అమ్మ వండిన అన్నం మూడు గిన్నెల స్టీలు క్యారేజీలో, బస్సులో వెళ్లేది. ఆ దారిలో అది మామూలే. ఇంజను మూత మీద డ్రైవరు పక్కన క్యారేజీలు వరుసగా కూర్చునేవి. హాస్టల్లో పిల్లలకి కొన్ని, గనిలో పనిచేసేవాళ్లకి కొన్ని, దవాఖానాలో పడుకున్న ముసలమ్మకి ఒకటి. చీటీ ఉండదు, పేరుండదు. "గేటు కాడ మా ఆయనకు" అంటే చాలు, కండక్టరుకు తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్ తీసుకుని లోపలికి పంపేవాడు. నాయిన ఓవర్‌టైం చేసుకుని రాత్రికి వచ్చేవాడు, ఖాళీ క్యారేజీ మాత్రం ముందే సాయంత్రం బస్సులో తిరిగొచ్చేది.

ఖాళీది అన్నాను గానీ అది ఎన్నడూ ఖాళీగా రాలేదు. మా వైపు ఎవరింటి గిన్నె అయినా ఉత్తగా తిరిగివ్వరు. పక్కింటావిడ కూర పంపిస్తే గిన్నెలో ఇంత చక్కెరో, నాలుగు మిరపకాయలో వేసి ఇస్తాం. నాయిన కూడా అంతే. పై గిన్నెలో తునికి పండ్లుండేవి, మొర్రి పండ్లుండేవి, అడవిలో ఏమీ కాయని రోజుల్లో క్యాంటీను మైసూర్‌పాక్ ముక్క కాగితంలో చుట్టి ఉండేది. నేను బడి నుంచి వచ్చి బస్సు దగ్గరికి ఉరికేదాన్ని. కండక్టరు అందిస్తుంటే అమ్మ రోజూ ఒకటే మాట అడిగేది. "తిన్నడా?" ఆయనకేం తెలుసు, ఆయన గేటు దాటి లోపలికి పోడు కదా. అయినా "తిన్నడమ్మా" అనేవాడు.

నా కథ అంతవరకే. దాన్ని బొమ్మల సీరియల్ చేయాలి.

ఆ పని మొదలయ్యేటప్పటికి నాయిన పోయి ఏడాది దాటింది. అమ్మ పాల్వంచలో నా దగ్గరికి వచ్చేసింది. బస్టాండు వెనక రెండు గదుల కిరాయి ఇల్లు, నేనూ అమ్మా. నాకు వేళకి వండిపెట్టేది. రకరకాలు వండేది. తనకి మాత్రం పిడికెడు అన్నంలో మజ్జిగ పోసుకుని, పొయ్యి దగ్గర నిలబడి తాగినట్టు తినేసేది. అడిగితే "ఆకలైతలేదు బిడ్డా" అనేది. నాది చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. బతిమాలాను, అరిచాను, ఒకరోజు నా కంచం కూడా నెట్టేసి లేచాను. ఏం లాభం లేదు. డాక్టరమ్మ కళ్ల రెప్పలు లాగి చూసి, ఒంట్లో రక్తం లేదు, మందులిస్తాను గానీ ముందు అన్నం తినాలి, లేకపోతే మంచం పడుతుందని చెప్పింది. అమ్మ జాకెట్లు భుజాల మీంచి జారుతుంటే చూడలేకపోయేదాన్ని. ఆమెకి కడుపు నిండా అన్నం పెట్టగలిగితే చాలు, సీరియల్ వస్తే ఎంత, రాకపోతే ఎంత అనుకున్న రోజులున్నాయి.

బైబిల్ రాస్తూ అమ్మకి చదివి వినిపించడం ఎందుకు మొదలుపెట్టానంటే, ఆమెను ఒక చోట కూర్చోబెట్టడానికి. మధ్యాహ్నం వాకిట్లో నీడ పడ్డాక నేను ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటే, ఆమె గోంగూరో చింతచిగురో ముందేసుకుని ఏరుతూ వినేది. వింటూ వింటూ ఒక్కోసారి ఒక జంతిక ముక్క నోట్లో వేసుకునేది. నేను చూడనట్టు నటించేదాన్ని.

మొదట లోకం నియమాలు. మా బస్సు మాట్లాడుతుంది. ఎవరితో మాట్లాడుతుందన్నది ముందు తేల్చాలి. అందరితో మాట్లాడితే కథే ఉండదు. ముందు దారిలో చెట్టు పడిందని కండక్టరుకి చెప్పేస్తే నిమిషంలో పని అయిపోతుంది. అందుకని బస్సు మాటలు ఒక కోడిపిల్లకే వినిపిస్తాయి. మనుషులకి హారన్ మాత్రమే వినపడుతుంది. ఆ కోడిపిల్లను ఎవరో గంపలో ఎక్కించి దించుకోవడం మరిచారు, అది బస్సులోనే ఉండిపోయింది. దాని మాటలు మళ్లీ మనుషులకి అర్థం కావు. కాబట్టి ప్రతిసారీ అది గంతులేసి, ముక్కుతో పొడిచి, తప్పుగా చెప్పి, పని చెడగొట్టి, చివరికి బాగుచేయాలి.

"డ్రైవరు లేకుంట బస్సు కదలొద్దు. పోరగాండ్లు భయపడ్తరు" అంది అమ్మ.

రాసుకున్నాను. అది మూడో నియమం.

"ఆ పిల్లను ఎవ్వరు కోసుకొని తినొద్దు."

"ఎవరు తింటారమ్మా, అది హీరోయిన్."

"రాయకపోతె ఎట్ల తెలుస్తది?"

అదీ రాశాను. స్టూడియో అమ్మాయి ఆ లైను దగ్గర నవ్వుతున్న బొమ్మలు మూడు పెట్టి పంపింది గానీ తీసేయమనలేదు.

తర్వాత పాత్రలు. ఒక్కొక్కరికీ ఏం కావాలి, దేనికి భయం, చచ్చినా ఏ పని చేయరు, ఈ మూడూ రాయాలి. కోడిపిల్లకి క్యారేజీలో ఏముందో చూడాలని ఆశ, బస్సు మెట్టు దిగాలంటే భయం. కండక్టరక్క ఎవరికీ కాదని చెప్పలేదు, అందుకే బస్సు ఎప్పుడూ లేటు. గేటు దగ్గర వాచ్‌మన్ తాత ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడడు, క్యారేజీ మాత్రం రెండు చేతులా అందుకుంటాడు.

ఎపిసోడ్ పదకొండు నిమిషాలు. ప్రతిదీ ఒకేలా నడవాలి, అయినా ప్రతిదీ కొత్తగా ఉండాలి. పొద్దున ఎవరో ఒకరు క్యారేజీ ఎక్కిస్తారు. దారిలో ఏదో అడ్డం వస్తుంది, వాగు పొంగుతుంది, లేదా బర్రెలు దారికడ్డంగా పడుకుంటాయి. కోడిపిల్ల ఉపాయం చెప్పి పని ఇంకా పాడుచేస్తుంది. బస్సులో కూర్చున్న ఎవరో ఒకరు తమ దగ్గరున్న వస్తువుతోనే సాయం చేస్తారు. అంతకుముందు ఆ వస్తువును చూసి అందరూ విసుక్కుని ఉండాలి. అన్నం గేటుకి చేరుతుంది. సాయంత్రం క్యారేజీ తిరిగొస్తుంది. ఇంటావిడ "తిన్నడా?" అని అడుగుతుంది. మూత తీస్తారు. లోపల ఏముందో చూపించి ముగిస్తాం. పిల్లలు ఆ మూత కోసమే చివరిదాకా కూర్చుంటారని స్టూడియో అమ్మాయి ఎంత మురిసిపోయిందో.

వాచ్‌మన్ తాత దగ్గర మాత్రం మాకిద్దరికీ చెడింది. నేను ఆయన్ని మొదటి ఎపిసోడ్‌లో చిటపటలాడించి, మెల్లమెల్లగా మెత్తబరిచి, సగం సీజన్ దాటాక కోడిపిల్లతో నవ్వుతూ మాట్లాడేలా రాశాను. నాకెంతో నచ్చింది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.

"అక్కా, ఛానెల్‌వాళ్లు వరసగా వేయరు. పిల్లలు ఇవాళ ఇరవయ్యోది చూస్తారు, రేపు మూడోది చూస్తారు. ఇవాళ నవ్విన తాత రేపు కసురుకుంటే వాళ్లకేం అర్థమవుతుంది?"

"అయితే మనిషి మారనే కూడదా? రాయిలా ఉండాలా?"

"మారాలి. కానీ ఏ ఎపిసోడ్ ముందు చూసినా తికమక పడకూడదు."

నాకు మండింది. మీ పిల్లలకి వరస తెలియకపోతే నేనేం చేయాలని ఫోను పెట్టేసి, ల్యాప్‌టాప్ మూసేసి, వాకిట్లో కూర్చుని అమ్మ ఏరిన చింతచిగురునే మళ్లీ ఏరాను. అమ్మ కాసేపు నా వైపు చూసింది. తర్వాత తనలో తాను నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో.

"ఏంది?" అన్నాను కోపంగానే.

"పెండ్లయిన కొత్తల మీ నాయిన క్యారేజీల ఏం పెట్టి పంపిండో ఎరుకనా?"

"ఏం పెట్టిండు?"

"నట్టు."

"నట్టా?"

"అవ్. ఇనుప నట్టు. శుభ్రంగ తుడిచి పెట్టిండు. ఖాళీగ పంపొద్దు గద, ఆ వర్క్‌షాపుల ఇంకేం దొరుకుతది? నేను తెరిచి చూసి, ఇదేం మనిషిర దేవుడా అనుకున్న. నాతోని మాట్లాడుడే తక్కువ అప్పుడు. ఎండాకాలం వచ్చేసరికి తునికి పండ్లు పంపుడు మొదలువెట్టిండు. మాటలు మాత్రం గన్నే."

"ఆ నట్టు ఏం చేసినవ్?"

"కుట్టుమిషనుకు ఒకటి లేకుండె. గదే పెట్టిన. మంచిగ కూసుంది."

నాకు తాత దొరికాడు. ఆయన ఎన్నడూ నవ్వడు, ప్రతి ఎపిసోడ్‌లోనూ అలాగే చిటపటలాడతాడు. మారేదల్లా ఆయన క్యారేజీలో పెట్టే వస్తువు. మొదట్లో ఒక నట్టు. తర్వాత ఒక నెమలీక. తర్వాత పండ్లు, పోను పోను కోడిపిల్లకని విడిగా గుప్పెడు నూకలు. ఏది ముందు చూసినా చెడదు, వరసగా చూసిన పిల్లలకి మాత్రం ఆయన మనసు తెలుస్తుంది. రాసి పంపితే ఆ అమ్మాయి వెంటనే ఫోన్ చేసి "అక్కా, నట్టు ఎక్కడ పట్టారు?" అని అడిగింది. మా ఇంట్లోదేనని చెప్పాను. అప్పుడు మా ఇద్దరికీ రాజీ కుదిరింది.

బైబిల్ పూర్తయ్యాక దానికొక పరీక్ష ఉంటుందట. మాతో ఒక్క మాట కూడా మాట్లాడని ముగ్గురు కొత్త రచయితలకి దాన్ని ఇచ్చి, అందులో ఉన్న దాన్ని బట్టి తలా ఒక ఎపిసోడ్ ఆలోచన అరపేజీలో రాయమంటారు. అవి మన సీరియల్‌లా ఉంటే బైబిల్ నిలబడినట్టు. లేకపోతే ఎక్కడో చిల్లు ఉన్నట్టు.

మూడూ వచ్చాయి. మధ్యాహ్నం అమ్మకి చదివాను. మొదటిదాంట్లో దారికి అడ్డంగా ఏనుగు. మా అడవిలో ఏనుగులెక్కడివి? ఎలుగుబంట్లు, కొండముచ్చులు, అడవి పందులు, నెమళ్లు ఉంటాయని మరో పేజీ రాయాల్సి వస్తుందని విసుక్కున్నాను. రెండోది ముచ్చటగా ఉంది. మూడోది ఇంకా బాగా రాశారు. ఆ రోజు వాచ్‌మన్ తాత సెలవు. గేటు దగ్గర అన్నం తీసుకునేవాళ్లు లేరు. బస్సు క్యారేజీని అక్కడికీ ఇక్కడికీ తిప్పి తిప్పి సాయంత్రానికి తిరిగొస్తుంది. ఇంటావిడ మూత తీస్తే వండింది వండినట్టే ఉంటుంది. అందరూ నవ్వుకుంటారు.

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"నిండుగ వచ్చిందా?" అంది.

"అవునమ్మా. తాత లేడు కదా."

చాటలో ఆకు అలాగే వదిలేసి లేచి లోపలికి వెళ్లింది. ఆ రాత్రి మజ్జిగ కూడా ముట్టలేదు. మర్నాడు టీ తప్ప ఏమీ లేదు. నేను అడగలేదు. నాకు అనుమానం ఉంది, అడగాలంటే భయం వేసింది. నాయిన పోయిన రోజు నేను పాల్వంచలో ఉన్నాను. వర్క్‌షాపులోనే గుండెలో నొప్పి అన్నాడని, దవాఖానాకు తీసుకెళ్లేలోపే పోయాడని నాకు ఫోన్ వచ్చింది. మా ఊళ్లో ఆ రోజు సిగ్నల్ లేదు. నేను వెళ్లేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు, అమ్మకి అప్పటికే తెలుసు. ఎలా తెలిసిందో మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ మరుసటి పొద్దున, పెరటి మెట్టు మీద కూర్చుని తనంతట తానే చెప్పింది.

"బస్సు వచ్చిందని పోయిన. కండక్టరు అందిచ్చిండు. రోజు లెక్కనే చెయ్యి చాపిన. అందుకుంటుంటె చెయ్యి కిందికి గుంజింది బిడ్డా. బరువు. ఆయన నోరు తెరవకముందే నాకెరుకైంది. తిన్నడా అని అడుగనేలే."

నేను పక్కన కూర్చున్నాను.

"పొద్దుగాల లేచి చింతచిగురు పప్పు చేసిన. మూతలన్న తియ్యలే. ఎవ్వరు తినలే. తర్వాత ఎవరు పారబోసిన్రో గూడ ఎరుకలేదు. ఆ కండక్టరు దినాల నాడు వచ్చిండు. అమ్మా, నేను గూడ ఆ రోజు ఏం తినలే, ఒడిల పెట్టుకొని తెచ్చిన అన్నడు. తినకపోయినవా కొడుకా అన్న. ఆయనన్న తింటె మంచిగుండు గద. ఇగ నేను కంచంల బువ్వ పెట్టుకుంటె గా బరువే గుర్తొస్తది. నోట్లకు పోదు."

ఇన్నాళ్లూ ఆకలి లేదని చెబితే నమ్మి ఆమె మీద అరిచాను. ఏడుపొచ్చింది. ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు, నా వీపు రాస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం స్టూడియో అమ్మాయే ఫోన్ చేసింది. ఆమెకి మూడోది తెగ నచ్చిందట. శాంపిల్ ఎపిసోడ్‌గా దాన్నే పెడదామంది.

"వద్దు. క్యారేజీ నిండుగా తిరిగి రాకూడదు" అన్నాను.

"ఎందుకక్కా? ఎవరికీ ఏమీ కాలేదు కదా, అందరూ నవ్వుకుంటున్నారు."

"వద్దంటే వద్దు."

ఆమె ఓపిగ్గా చెప్పింది. "మీకు నచ్చకపోవడం చాలదక్కా. రూల్ అయితే ఆ లోకంలోంచే రావాలి. రాసేవాళ్లు దాన్ని పట్టుకుని కథ అల్లగలగాలి. తాత నిజంగానే లేడనుకోండి. అన్నం ఏం కావాలి?"

ఆమె అడిగింది న్యాయమే. ఫోను స్పీకర్లో ఉంది. గుమ్మంలో నిలబడిన అమ్మ అంది.

"ఇంకెవరన్న తినాలె."

"ఎవరమ్మా?" అంది అవతలి నుంచి ఆ అమ్మాయి.

"కడుపు కాలేటోళ్లు బస్సుల ఎప్పుడన్న ఉంటరు బిడ్డా. దేవులాడితె దొరుకుతరు. ఎవ్వరు లేకపోతె కండక్టరే తినాలె. వండిన బువ్వ ఇంటికి మల్లి రావొద్దు."

నేను అప్పుడు నాయిన సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. ఆ అమ్మాయి "సారీ అక్కా" అంది. ముక్కు ఎగపీల్చిన శబ్దం వినిపించింది. తర్వాత మెల్లగా, "దీన్ని మొదటి పేజీలో పెట్టండి" అంది.

పెట్టాను. అమ్మ చెప్పినట్టే రాశాను. క్యారేజీ ఖాళీగా తిరిగి రాదు, నిండుగానూ తిరిగి రాదు. తినాల్సినవాళ్లు లేకపోతే, ఆ రోజు బస్సులో ఎవరికి ఆకలిగా ఉందో కనిపెట్టడమే కథ. ఆకలి ఉన్నవాళ్లు ఆ మాట నోరు తెరిచి చెప్పరు. దాన్ని పసిగట్టడం కోడిపిల్ల పని. అంతకుముందు ఎంత గింజుకున్నా రాని కథలు ఆ ఒక్క నియమంతో వరసపెట్టి వచ్చాయి. పరీక్ష రాసి హాల్లోంచి నేరుగా బస్సెక్కిన పిల్ల ఒకరు, పాపను దవాఖానాలో చూపించి ఇంటికి వెళ్తున్న తల్లి ఒకరు, అలా. మళ్లీ వేరే ముగ్గురు రచయితలకి ఇచ్చారు. ఈసారి ఒకాయన, వాగు ఒడ్డున ఆగిన బస్సులో కండక్టరక్కను అందరూ కూర్చోబెట్టి తినిపించినట్టు రాశాడు. అది చదివితే అమ్మ చాటలోంచి తల ఎత్తకుండానే "గట్ల" అంది.

ఆఖరి పఠనానికి హైదరాబాదు రమ్మన్నారు. బొమ్మలు గీసేవాళ్లు, గొంతులిచ్చేవాళ్లు అందరూ ఉంటారు, బైబిల్ మొత్తం ఒకసారి చదువుకుని అక్కడితో ముద్ర వేస్తారన్నమాట. తెల్లవారుజామున మొదటి బస్సుకి తయారవుతుంటే వంటింట్లోంచి పప్పు తాలింపు వాసన వచ్చింది. వెళ్లి చూస్తే అమ్మ ఆ మూడు గిన్నెల క్యారేజీ కడిగి తుడుస్తోంది. ఊరి నుంచి పాత చీరలో మూటకట్టి తెచ్చి, అటక మీద పెట్టించి, మళ్లీ దాని వంక చూడని మనిషి. స్టూలు వేసుకుని తనే దించింది. చింతచిగురు పప్పు చేసింది. నాయిన పోయాక ఆకు ఏరి నాకు పులుసులో వేసేదే గానీ, పప్పు మాత్రం చేయలేదు.

"అక్కడ క్యాంటీను ఉంటదమ్మా" అన్నాను.

"కాగితం మీద రాస్తివి గద. వాళ్లకు చూపియ్యవా?" అంది. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కడ్డీ బిగించి నా చేతికిచ్చింది. బరువుగా ఉంది. అమ్మ చెయ్యి ఒక్క క్షణం కడ్డీ మీదే ఉండిపోయింది, తర్వాత వదిలింది.

పఠనం బాగా జరిగింది. మధ్యాహ్నం అందరం బల్ల చుట్టూ కూర్చుని ఆ అన్నం తిన్నాం. తలా రెండు ముద్దలు కూడా రాలేదు. గొంతులిచ్చే ఒకాయన గిన్నె అంచు వేలితో తుడిచి నాకాడు. నేను వాళ్ల సింకులో క్యారేజీ కడిగి, ఆరబెట్టి, మూతలు పెట్టేశాను. అంత పుస్తకం రాసిన దాన్ని, ఖాళీగానే బిగించేశాను. మర్నాడు బయల్దేరుతుంటే స్టూడియో అమ్మాయి దాన్ని నా చేతిలోంచి లాక్కుని "ఒక్క నిమిషం అక్కా" అని లోపలికి పరుగెత్తింది. తిరిగొచ్చి "దారిలో తెరవొద్దు. రూల్" అంది. నాకు ఒళ్లు మండింది గానీ తెరవలేదు. సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం, గుంత వచ్చినప్పుడల్లా లోపల ఏదో గలగలమంటూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ. అమ్మ గుమ్మంలోనే ఉంది. నా బ్యాగు సంగతి పట్టించుకోకుండా క్యారేజీ కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను. అందుకుని, అలాగే పట్టుకుని, కాస్త పైకి ఎత్తి చూసింది. కిందికి దించింది. మళ్లీ ఎత్తింది.

"తిన్నరు" అంది.

"అందరూ తిన్నారమ్మా. గిన్నె నాకారు కూడా."

మెట్టు మీద కూర్చుని కడ్డీ తీసింది. పై గిన్నెలో, తెల్ల కాగితం మడత మీద, శుభ్రంగా తుడిచిన ఒక నట్టు ఉంది. నిజంగానే ఏదో కుర్చీది ఊడదీసింది ఆ పిల్ల. అమ్మ దాన్ని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఏ కుర్చీదో ఏమో. ఎవరో కింద పడ్తరు బిడ్డా, ఫోన్ చేసి చెప్పు."

నట్టు కొంగున ముడేసుకుని లోపలికి వెళ్లి, రెండు కంచాలు కడిగి తెచ్చింది. నిలబడలేదు. నాకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, ఇద్దరికీ వడ్డించి, తొక్కు పచ్చడి కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను స్టూడియో కబుర్లు ఏవేవో చెబుతున్నాను, ఆమె కంచం వైపు చూడకుండా ఉండటానికి. కాసేపటికి కంచం నా వైపు జరిపింది.

"ఇంకింత బువ్వ పెట్టు" అంది.